పాత ఫోన్ చెరిపేసే ముందు ఆథెంటికేటర్ కోడ్‌లు ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న: ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారుతున్నాను. ఈమెయిల్, గిట్‌హబ్ కోడ్‌లు గూగుల్ ఆథెంటికేటర్‌లో, ఆఫీసు లాగిన్ మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో ఉన్నాయి. కోడ్‌లు పోకుండా కొత్త ఫోన్‌లోకి వస్తాయా? ఏ వెబ్‌సైట్లు ఇందుకు ఒప్పుకుంటాయి?

జవాబు: మామూలు ఆరంకెల కోడ్‌లకు వెబ్‌సైట్ అనుమతి అక్కర్లేదు. మీరు మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడే ఒక రహస్య కీ మీ ఫోన్‌లోకి చేరింది. ఆ కీనీ, ఫోన్‌లోని సమయాన్నీ కలిపి లెక్కకట్టి యాప్ 30 సెకన్లకోసారి కొత్త కోడ్ చూపిస్తుంది. అదే కీ మరో ఫోన్‌లో ఉంటే అక్కడా అదే కోడ్ వస్తుంది. కీ ఏ ఫోన్‌లో ఉందో సైట్‌కు తెలియదు. కాబట్టి చూడాల్సింది, ఆ కీని బయటికి ఇచ్చే వీలు మీ యాప్‌లో ఉందా లేదా అన్నదే.

గూగుల్ ఆథెంటికేటర్‌లో ఉంది, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కైనా పనిచేస్తుంది. పాత ఫోన్‌లో యాప్ మెనూ తెరిచి "Transfer accounts", ఆపై "Export accounts" నొక్కి, కావాల్సిన ఖాతాలు ఎంచుకోండి. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. ఐఫోన్‌లో అదే యాప్ వేసుకుని "Transfer accounts"లోనే "Import accounts"తో దాన్ని స్కాన్ చేయండి. ఖాతాలు ఎక్కువుంటే ఒకటికి మించి క్యూఆర్‌లు వస్తాయి, అన్నీ స్కాన్ చేయాలి. ఆ క్యూఆర్‌లో మీ కీలన్నీ ఉంటాయి కనుక దాన్ని ఫొటో తీసి ఎక్కడా దాచొద్దు, ఎవరికీ పంపొద్దు.

ఇప్పుడు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. గిట్‌హబ్ ఎదురుగా ఒకే క్షణంలో రెండింట్లోనూ అవే ఆరంకెలు కనిపిస్తే కీ సరిగ్గా వచ్చినట్టే. తేడా ఉంటే ముందుగా అనుమానించాల్సింది గడియారాన్ని. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉండేలా సెట్ చేసి మళ్లీ చూడండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో కొత్త విండో తెరిచి, కొత్త ఫోన్ కోడ్‌తో ఒక్కో ఖాతాలోకీ నిజంగా లాగిన్ అవ్వండి. ఇది పూర్తయ్యేదాకా పాత ఫోన్‌ను కదపొద్దు.

2023 నుంచి ఈ యాప్ కోడ్‌లను గూగుల్ ఖాతాతో సింక్ కూడా చేస్తోంది. సౌకర్యమే కానీ, ఇందులో రెండు చిక్కులున్నాయి. కొత్త ఫోన్‌లో గూగుల్‌లోకి వెళ్లడానికే కోడ్ కావాల్సి వచ్చి, ఆ కోడ్ కూడా సింక్‌లోనే ఉంటే లోపలికి దారి ఉండదు. అందుకే గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ముందే కాగితం మీద రాసుకోండి. రెండోది, సింక్ నడుస్తుండగా పాత ఫోన్‌లో ఒక కోడ్ తొలగిస్తే కొత్త ఫోన్‌లోనూ పోతుంది. కోడ్‌లను ఒక్కొక్కటిగా తొలగించకుండా, చివర్లో పాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు.

ఆఫీసు ఖాతా సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో "అనుమతించు" అని నొక్కే పద్ధతి ఆ ఫోన్‌కే ముడిపడి ఉంటుంది. యాప్ బ్యాకప్ ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు రాదు. ఒకే రకం ఫోన్ల మధ్య తిరిగి తెచ్చుకున్నా ఆఫీసు ఖాతా పేరు కనిపిస్తుంది కానీ, మళ్లీ సైన్ ఇన్ చేస్తే తప్ప పనిచేయదు. కంప్యూటర్‌లో mysignins.microsoft.com/security-info తెరిచి, పాత ఫోన్‌తో ఆమోదించి, కొత్త ఫోన్‌ను రెండో పద్ధతిగా చేర్చండి. అది పనిచేశాకే పాతదాన్ని అక్కడి జాబితా నుంచి తీసేయండి. పాత ఫోన్ ముందే పోతే ఆఫీసు ఐటీ వాళ్లే దిక్కు. కొత్త ఫోన్‌ను నమోదు చేసుకోవడానికి వాళ్లు తాత్కాలిక పాస్ ఇవ్వగలరు.

మిగతా యాప్‌లలో ఆథీ ఎగుమతి ఇవ్వదు. అదే ఫోన్ నంబరు, బ్యాకప్ పాస్‌వర్డ్ ఉంటే కొత్త ఫోన్‌లోని ఆథీలోకి కోడ్‌లు వస్తాయి, వేరే యాప్‌కు మాత్రం మారలేవు. ఆండ్రాయిడ్‌లోని ఏజిస్ అయితే పాస్‌వర్డ్‌తో లాక్ చేసిన ఫైల్‌గా అన్నీ ఇచ్చేస్తుంది. కీ బయటికి రాని యాప్ ఉన్నవాళ్లు ఒక్కో సైట్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌కూ వెళ్లి ఆథెంటికేటర్‌ను మళ్లీ నమోదు చేసుకోవాలి. అప్పుడు కొత్త కీ వస్తుంది, పాత ఫోన్ చూపే కోడ్ ఇక చెల్లదు.

గిట్‌హబ్ విషయంలో మాత్రం ఒక గట్టి మాట: రికవరీ కోడ్‌లు దించుకోకుండా ఫోన్ మార్చకండి. ఫోన్, రికవరీ కోడ్‌లు, మరే రికవరీ మార్గమూ లేకపోతే సపోర్ట్ వాళ్లు ఖాతా తిరిగి ఇప్పించలేకపోవచ్చు. యాప్ తీసేస్తే రెండంచెల రక్షణ ఆగిపోతుందని కొందరు అనుకుంటారు. ఆగదు, సైట్ కోడ్ అడుగుతూనే ఉంటుంది.