గుళికల డబ్బా మీది ఆరు నెలలు మన ఎండకు ఆరు నెలలు కావు

“మా డాబా మీద ఇరవై కుండీలున్నాయి, ఎక్కువగా గులాబీలు. నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు ఒకసారి వేసి ఆరు నెలలు వదిలేయడం మంచిదా, లేక నీళ్లలో కలిపిన ఎరువు తరచూ పోస్తూ ఉండాలా?”

వానాకాలంలో గుళికలు వేయండి, చలికాలంలో ద్రవ ఎరువు పోయండి, నడివేసవిలో గులాబీకి రెండూ వద్దు. హైదరాబాద్‌లో డాబా మీద పన్నెండేళ్లుగా గులాబీలు పెంచుతున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు ఒక మొక్క దాదాపు ప్రాణం పోగొట్టుకున్నంత పని అయింది.

ఒక ఏడాది మార్చి చివర్లో, పన్నెండు అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీలో ఉన్న ఎర్ర గులాబీకి గుళికలు వేశాను. కొలత డబ్బా మీద చెప్పినంతే. ఇక సెప్టెంబరు దాకా దిగులు లేదనుకున్నాను. ఏప్రిల్ మూడో వారానికి ముదురు ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, చేత్తో నలిపితే అప్పడంలా విరిగాయి. దాహమేమో అనుకుని పూటపూటా నీళ్లు పోశాను. మట్టి తడిగానే ఉంది, అయినా మొక్క వాలిపోతోంది. అమ్మ చూసి, “ఎండలు ముదిరితే మనమే అన్నం తగ్గించి మజ్జిగ తాగుతాం. దానికి మాత్రం విందు పెడతావా?” అంది.

అప్పుడు మట్టిని కెలికి నాలుగు గుళికలు తీసి వేళ్లతో నొక్కాను. కొత్త గుళిక ఆవగింజలా గట్టిగా ఉంటుంది. ఇవి మెత్తబడి, చాలావరకు ఖాళీ అయిపోయిన తొక్కలు. నెల రోజులు కూడా నిండకముందే లోపలి ఎరువు చాలావరకు మట్టిలోకి దిగిపోయింది.

ఎందుకంటే, గుళిక పైన సన్నని పూత ఉంటుంది. తేమ దాని గుండా లోపలికి చేరి ఎరువును కరిగిస్తుంది, ఆ ద్రావణం మెల్లగా బయటికి ఊరుతుంది. ఎంత వేగంగా ఊరుతుందన్నది ముఖ్యంగా వేడిని బట్టే. డబ్బా మీద వేసే నెలల లెక్క సాధారణంగా 21 డిగ్రీల దగ్గరిది. మే నెల డాబా మీద నల్ల కుండీలో మట్టిని ముట్టుకుంటే చేయి కాలుతుంది. అదే సమయంలో గులాబీ ఎండకు తాళలేక ఎదుగుదల ఆపేస్తుంది. తినే నోరు మూసుకున్నాక వడ్డన పెరిగితే, మిగిలిన లవణం వేళ్ల నుంచి నీటినే లాగేస్తుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోయిందంటే కారణం అదే. ఆ లెక్కలు చల్లని దేశాల తోటలకు సరిపోతాయి. అక్కడ వేసవే పూల కాలం, మనకు గులాబీ పూసేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఈ సంగతి డబ్బా మీద తెలుగులో రెండు ముక్కలు రాయాలని అమ్మేవాళ్లకు తోచదు. అంతకన్నా అన్యాయం, కొన్ని దుకాణాల్లో డీఏపీ గింజల్నే నెమ్మదిగా కరిగే ఎరువని చేతిలో పెడతారు. వాటికి పూతే ఉండదు. రెండు గింజల్ని గ్లాసు నీళ్లలో వేసి మర్నాడు చూడండి, పూత ఉన్నవైతే గుళికలు గుళికల్లాగే ఉంటాయి.

మొక్కను ఎలా దక్కించుకున్నానో చెబుతాను. పైపొరలో దొరికినన్ని గుళికలు చెంచాతో ఏరేశాను. కుండీని నీడకు మార్చి, అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూసి, పది నిమిషాలకొకసారి పది లీటర్ల చొప్పున మూడు దఫాలు నీళ్లు పోశాను. మొదట కిందికి దిగినవి టీ రంగులో వచ్చాయి, చివరివి దాదాపు తేటగా ఉన్నాయి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటికోసం ఎదురుచూడకండి. మూడు వారాలకు కణుపుల దగ్గర ఎర్రని చిగురు కనిపించింది, నాకు అంతే చాలు.

అప్పటి నుంచి గుళికలు జూన్‌లో తొలి వానలు పడ్డాకే, అదీ చెప్పిన కొలతలో సగమే వేస్తున్నాను. వానల్లో ద్రవ ఎరువు పోస్తే సాయంత్రం జల్లుకు అడుగునుంచి కారిపోతుంది, గుళికలోది మాత్రం పూత చాటున దాక్కుంటుంది. అక్టోబరులో కొమ్మలు కత్తిరించాక ద్రవానికి మారతాను. చలికి గుళిక మందగిస్తుంది, గులాబీకేమో అప్పుడే ఆకలి. 19-19-19 పొడి ఒక టీ స్పూను, అంటే దాదాపు అయిదు గ్రాములు, అయిదు లీటర్ల నీళ్లలో కలిపి కుండీకి లీటరు చొప్పున పది రోజులకొకసారి పోస్తాను. ముందుగా మామూలు నీళ్లతో మట్టిని తడపాలి, పొడి మట్టి మీద పోస్తే వేళ్లు మాడతాయి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు కూడా బాగా పనిచేస్తాయి, నాలుగు రోజులు పులిశాక పదింతలు నీళ్లు కలిపితేనే.

మల్లె ఉంటే దాని లెక్క వేరు. అది పూసేది వేసవిలోనే కాబట్టి జనవరిలో కత్తిరించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇదే ద్రవాన్ని పోయండి. మొగ్గ కనిపించాక ఆపేస్తాను. గులాబీకి మాత్రం మార్చి నెలాఖరుకల్లా ఎరువు డబ్బా మూత బిగించేసి, జూన్ వానదాకా నీళ్లు, వేళ్ల మీద ఎండుటాకుల కప్పు, మధ్యాహ్నం కాస్త నీడ, ఇవే ఇస్తాను.