వంకాయ మంట మీద కాల్చే పద్ధతి: విజయనగరంలో ఉన్న అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బాబుకి,

నువ్వు కాల్చిన వంకాయ పైన బొగ్గులా మాడిపోయి, ముచ్చిక దగ్గర మాత్రం తెల్లగా, పచ్చిగా ఉండిపోయిందని రాశావు. పచ్చడి చేదుగా వచ్చిందన్నావు. ఈ రెండు తప్పులూ ఒక్క కారణంతోనే వస్తాయి. తొక్క కాలిపోవడం వేరు, లోపల ఉడకడం వేరు. తొక్క రెండు మూడు నిమిషాల్లో నల్లబడుతుంది. లోపలి గుజ్జు దూదిలా గాలితో నిండి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి చాలా నెమ్మదిగా వెళుతుంది. ఆ గుజ్జు కుంగి నీరు వదిలాక, ఆ నీటి ఆవిరే మిగతా కాయని ఉడికిస్తుంది. అందుకే మొదటి ఏడెనిమిది నిమిషాలు ఏమీ జరగనట్టుంటుంది. ఆ తర్వాత చూస్తుండగానే కాయ మెత్తబడిపోతుంది. ఆ మొదటి భాగంలో తొందరపడి మంట పెంచావంటే నీకు వచ్చినట్టే వస్తుంది.

ముందు కాయ సంగతి. రైతుబజారులో గుండ్రంగా, ఊదారంగులో ఉన్న పచ్చడి వంకాయ తీసుకో. ఒకటి 300 నుంచి 350 గ్రాములు ఉంటే ఇంట్లో స్టవ్‌కి సరిపోతుంది. అరకిలో దాటిన కాయ చూడ్డానికి బాగుంటుంది గానీ మధ్య భాగం ఉడికేలోగా తొక్క బూడిదైపోతుంది. అలాంటిది ఒకటి కొనే బదులు పావుకిలోవి రెండు కొను. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని చూసి తేలిగ్గా ఉన్నది ఎంచుకో. బరువెక్కినది చాలాసార్లు గింజ ముదిరిన కాయ. గింజ ముదిరితే చేదు, ఎంత కాల్చినా పోదు. తొక్క నిగనిగలాడాలి, బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. ముచ్చిక ఆకుపచ్చగా ఉండాలి. గుండుసూది మోపినంత కన్నం ఎక్కడైనా కనిపించి, దాని చుట్టూ గోధుమరంగు పొట్టులాంటిది అంటుకుని ఉంటే ఆ కాయ పుచ్చు, పక్కన పెట్టేయ్.

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి కాయని నేరుగా మంట మీద పెట్టకు. అరగంట ముందే బయట పెట్టు. కడిగాక పొడిగుడ్డతో తడి లేకుండా తుడువు. ముచ్చికకున్న రేకుల్ని కత్తిరించెయ్, అవి ముందు మండి ముళ్లు విరిగి గుజ్జులో పడతాయి. తొడిమ మాత్రం ఉంచు, తిప్పడానికి, తర్వాత వలవడానికి అదే పిడి. భుజం దగ్గర, అంటే ముచ్చికకి ఒక అంగుళం కిందగా, చాకు మొనతో నాలుగు వైపులా అరంగుళం లోతు గాట్లు పెట్టు. ఇవి పెట్టకపోతే లోపల ఆవిరి పట్టేసి కాయ పేలి, వేడి గుజ్జు మొహం మీద పడే ప్రమాదం ఉంది. గాట్లు భుజం దగ్గరే ఎందుకంటే, ఆవిరి అక్కడినుంచి పోతే మెడ భాగం కూడా ఉడుకుతుంది. పొట్ట భాగంలో పొడిస్తే రసం కారి బర్నర్ కన్నాల్లో పడుతుంది. నూనె అవసరం లేదు గానీ, రాయాలనుకుంటే అరచేతికి రెండు చుక్కలు వేసుకుని పైపైన నిమురు. ఎక్కువైతే నూనె కారి మంట పసుపురంగుకి తిరిగి మసి పడుతుంది, ఆ మసి వాసన పచ్చడికి పడుతుంది.

స్టవ్ మంట నీలంగా ఉండాలి. పసుపు మొనలు కనిపిస్తే బర్నర్ కన్నాలు పూడిపోయాయి, స్టవ్ ఆపి, బర్నర్ చల్లారాక సూదితో శుభ్రం చేసుకో. పెద్ద బర్నర్ మీద పెట్టి, మంట మధ్యస్థంగా, దాని మొనలు తొక్కని తాకేంత మాత్రం ఉంచు. కాయ పక్కల నుంచి పైకి నాలుకలు వస్తే ఎక్కువైనట్టు. అలాగని సన్నటి సెగ మీద అరగంట పెట్టినా తప్పే, తొక్క తోలులా ఎండిపోతుంది, లోపల నీరంతా ఆవిరైపోతుంది, పొగ వాసన పట్టదు. గ్యాస్ మంటకి కట్టెల పొయ్యిలా సొంత పొగ లేదు. మనకి వచ్చే ఆ వాసనంతా తొక్క కాలడం వల్ల, గాట్లలోంచి వచ్చిన రసం ఆ వేడికి మాడడం వల్ల వచ్చేదే. కాబట్టి తొక్క పూర్తిగా, అన్ని వైపులా, నల్లగా కాలాలి. కిటికీ తెరిచి ఉంచు, నైలాన్ బట్టలు వేసుకుని స్టవ్ దగ్గరకి వంగకు.

ఇప్పుడు 350 గ్రాముల కాయ ఒకటి నిమిషాల లెక్కన చెప్తాను. పట్టకారు, గడియారం పక్కన పెట్టుకో. కాయని పడుకోబెట్టి, తొడిమ బర్నర్ బయటికి వచ్చేలా స్టాండ్ మీద పెట్టు. కాయ దొర్లిపోతుంటే పుల్కాలు కాల్చే జాలీ ఒకటి కింద పెట్టు, ఇంకో అరనిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. మొదటి నిమిషంలో మెరుపు పోతుంది, రెండో నిమిషంలో బొబ్బలెత్తుతుంది, మూడో నిమిషానికి ఆ చోటు పూర్తిగా నల్లబడి అంచుల్లో బూడిదరంగు తేలుతుంది. అది చూశాక పావు వంతు తిప్పు. ఇలా నాలుగు వైపులా మూడేసి నిమిషాల చొప్పున 12 నిమిషాలు. ఎప్పుడూ పావు వంతే తిప్పు, ఒకేసారి బోర్లించేస్తే మధ్యలో చారల్లాగా పచ్చి తొక్క మిగిలిపోతుంది. వలిచేటప్పుడు అవే ఇబ్బంది పెడతాయి.

ఈపాటికి కాయ ఆకారం మారిపోయి, ఒక వైపు కుంగిపోయి, గాట్లలోంచి రసం చిటచిటలాడుతూ వస్తుంటుంది. చాలామంది ఇక్కడే దించేస్తారు. దించకు. అడుగు భాగాన్ని పట్టకారుతో నిలబెట్టి ఒక నిమిషం కాల్చు. తర్వాత మంట కాస్త తగ్గించి, మెడ భాగం సరిగ్గా మంట మధ్యలోకి వచ్చేలా జరిపి, మెల్లగా తిప్పుతూ ఇంకో మూడు నిమిషాలు ఉంచు. నీ కాయ పచ్చిగా మిగిలింది అక్కడే. ఆ చోట గుజ్జు దట్టంగా ఉంటుంది, ముచ్చిక అడ్డుపడుతుంది, పడుకోబెట్టినప్పుడు మంట అంతదూరం రాదు. మొత్తం 16, 17 నిమిషాలు అవుతుంది. పొడుగ్గా, సన్నగా ఉన్న కాయలైతే ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు, రెండేసి నిమిషాలకొకసారి తిప్పు.

అయినా గడియారాన్నే నమ్ముకోకు, నీ స్టవ్ మంట నా స్టవ్ మంటలా ఉండదు. ముచ్చిక కింద చాకు గుచ్చి చూడు. ఏ అడ్డూ లేకుండా దిగి, వేడి రసంతో తడిగా బయటికి వస్తే అయినట్టు. ఎక్కడైనా రబ్బరులా ఆగితే ఆ వైపు ఇంకో నిమిషం. పచ్చిగా మిగిలిన ముక్క నలపగానే గోధుమరంగుకి తిరుగుతుంది, నాలుక మీద గరగరలాడుతుంది, చేదుగా కూడా ఉంటుంది. నీ పచ్చడికి వచ్చిన చేదులో సగం దానిదే, మిగతా సగం మాడిన తొక్కలో పెద్ద పెచ్చులు కలిసిపోవడం వల్ల.

దించగానే ఒక గిన్నెలో పెట్టి పళ్లెం మూసి పది నిమిషాలు వదిలెయ్. లోపలి ఆవిరికి తొక్క సడలుతుంది, పొగ వాసన గుజ్జుకి పడుతుంది. వేడి కాయని ప్లాస్టిక్ కవర్లో చుట్టకు. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని, తొడిమ ఒక చేత్తో పట్టుకుని, మెడ దగ్గరనుంచి కిందికి తొక్క లాగు. బాగా కాలిన కాయ తొక్క పెద్ద పెద్ద పొరలుగా ఊడి వస్తుంది. వేళ్లకి నల్లది అంటుకున్నప్పుడల్లా వేళ్లు నీళ్లలో ముంచి కడుక్కో, కాయని మాత్రం కుళాయి కింద పెట్టకు. చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇదే. నీళ్లతో కడిగితే పొగ వాసనా, తియ్యటి రసమూ రెండూ కొట్టుకుపోయి చప్పిడి గుజ్జు మిగులుతుంది. చుక్కల్లాంటి నల్లటి పిసరు అక్కడక్కడా ఉంటే ఉండనీ, రుచికి మంచిదే. తొక్క ఏ చోటైనా రాకుండా పట్టుకుంటే ఆ చోటు కాలలేదని అర్థం. చాకుతో గీకకుండా, మళ్లీ మంట మీద ఒక నిమిషం ఆ వైపే చూపించు.

తొడిమ కోసేసి, కాయని నిలువుగా విప్పి లోపల చూడు. బయట కన్నం కనిపించకపోయినా లోపల పురుగు చేసిన గోధుమరంగు దారి ఉండొచ్చు. కొంచెమే అయితే ఆ మేరకి తీసెయ్, ఎక్కువైతే మొత్తం వదిలెయ్. గింజలు నల్లబడి గుత్తులుగా ఉంటే వాటిని కూడా చెంచాతో తీసెయ్. తర్వాత పది నిమిషాలు జల్లెడ గిన్నెలో పెడితే గోధుమరంగు నీరు దిగుతుంది. అది పారబోసే ముందు వేలితో రుచి చూడు, చేదుగా ఉంటే పారబొయ్యి, తియ్యగా ఉంటే పచ్చడిలోనే కలుపు.

మెదపడానికి పప్పుగుత్తి గానీ చెయ్యి గానీ చాలు. నారలు నారలుగా ఉండాలి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదు వస్తుంది, గుజ్జు జిగురుగా అవుతుంది. 350 గ్రాముల కాయకి ఇంచుమించు ఒక కప్పు గుజ్జు వస్తుంది. దానికి, అదే మంట మీద కాల్చిన పచ్చిమిర్చి మూడు (వాటికీ గాటు పెట్టే కాల్చు, లేకపోతే టప్పున పేలతాయి), నానబెట్టిన చింతపండు గుజ్జు ఒక చెంచా, వేయించి కొట్టిన నువ్వుపొడి రెండు చెంచాలు, ముప్పావు చెంచా ఉప్పు. మిర్చి, ఉప్పు ముందు నూరుకుని, వంకాయ చివర్లో కలుపు. నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టు. పోపు చల్లారాకే కలిపితే పొగ వాసన నిలుస్తుంది, కాగే నూనె పోస్తే ఇంగువ వాసనే మిగులుతుంది.

పచ్చి ఉల్లిపాయ ముక్కలు తినే ముందు మాత్రమే కలుపు. ముందే కలిపేస్తే నీరు ఊరి పచ్చడి పల్చబడుతుంది, మర్నాటికి వాసన మారుతుంది. ఉల్లిపాయ వేయని గుజ్జు మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి మధ్యాహ్నం వరకూ బాగుంటుంది. రెండో పూట చల్దన్నంలో పెరుగుతో కలుపుకో, అప్పుడు ఇంకో చిటికెడు ఉప్పు అడుగుతుంది.

మీ పెద్దమ్మ