'సంబిల్' అన్న ఒక్క మాట

అమ్మడూ,

నువ్వు జకార్తాలో విమానాల మెయింటెనెన్స్ చెక్‌లిస్టును ఇంగ్లీషు నుంచి ఇండోనేషియా భాషలోకి మారుస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడి బాతామ్ దీవిలో ఉన్నప్పుడు నేను చేసింది కూడా ఈ పనే కదా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. పార్ట్ నంబర్లు ముట్టుకోకు. మూలం ఏ రివిజన్‌దో ప్రతి పేజీ మీదా వెయ్యి. తేడా వస్తే ఇంగ్లీషు మాటే చెల్లుతుందని పైన రాయి. 'వార్నింగ్' అంటే మనిషికి దెబ్బ తగిలే చోటు, అది 'పెరింగాతన్'. 'కాషన్' అంటే సామానుకి దెబ్బ తగిలే చోటు, దానికి 'పెర్హాతియన్'. ఆ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అటూ ఇటూ చేశావంటే ఊరుకోను.

నట్టు ఎంత బిగించాలో చెప్పే టార్క్ అంకెల దగ్గర నువ్వు జాగ్రత్తగానే ఉంటావు. భయమల్లా కామాతోనే. ఇంగ్లీషు కాగితంలో 1,250 అంటే పన్నెండువందల యాభై. ఇండోనేషియాలో కామా దశాంశానికి, చుక్క వేలకి. అదే అంకెను అక్కడి మనిషి ఒకటింబావు అని చదువుతాడు. అలాగని నువ్వు చుక్కా కామా మార్చడం మొదలుపెడితే సగం మారి సగం మిగిలిపోతాయి, అది ఇంకా ప్రమాదం. మూలంలో ఎలా ఉందో అలాగే ఉంచి, అంకెలు ఇంగ్లీషు పద్ధతిలో ఉన్నాయని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయించు. యూనిట్లనూ అనువదించకు. ఇంచ్-పౌండుకీ ఫుట్-పౌండుకీ మధ్య పన్నెండు రెట్ల తేడా. మెకానిక్ టార్క్ రెంచి మీద ఏ అక్షరాలు చూస్తాడో కాగితంలోనూ అవే కనబడాలి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చక్రం బిగించే టాస్క్ కార్డు అది. ఇరుసు నట్టును చక్రం తిప్పుతూ ముందు ఎక్కువ టార్క్‌కి బిగించాలి, మాటవరసకి 500 ఫుట్-పౌండ్లు అనుకో. తర్వాత సున్నాకి వదులు చేయాలి. మళ్ళీ చక్రం తిప్పుతూనే తక్కువ టార్క్‌కి, 150 అనుకో, బిగించాలి. అసలు అంకెలు విమానాన్ని బట్టి మారతాయి, వరస మాత్రం ఇంతే. తిప్పుతూ ఎందుకంటే, లోపల బేరింగు రోలర్లు చక్రం తిరిగితేనే తమ చోట్లో సర్దుకుంటాయి, మధ్యనున్న గ్రీజు పక్కకి జరుగుతుంది. కదలని చక్రం మీద బిగిస్తే రెంచి సరైన అంకే చూపిస్తుంది, కానీ ఆ బిగువు నిజం కాదు. విమానం నాలుగడుగులు నడిచాక రోలర్లు సర్దుకుంటాయి, నట్టు వదులైపోతుంది.

'తిప్పుతూ' అనడానికి ఆ భాషలో 'సంబిల్' అనాలి. నేను 'సెతెలా' అని రాశాను. అంటే 'తిప్పిన తర్వాత'. తొందర, రాత్రి డ్యూటీ, ఏవో కారణాలున్నాయి, వాటితో పనేముంది! అంకెలు మూడుసార్లు సరిచూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పక్కనున్న ఆ చిన్న మాట వైపు చూడనే లేదు.

కుర్రాళ్ళు చక్రాన్ని నాలుగుసార్లు తిప్పి, ఆపి, బిగించారు. కొన్నాళ్ళకి బ్రేకు పని మీద విమానాన్ని జాకీ ఎక్కించినప్పుడు ఒక మెకానిక్ టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. టకటక ఆడింది. ఎవరికీ ఏమీ కాలేదు, బేరింగులు మాత్రం తీసి మార్చాల్సి వచ్చింది. ఆయన నా దగ్గరికి కార్డు తెచ్చి, 'పాక్' అని మర్యాదగానే పిలిచి, "తిప్పాక బిగించమని ఉంది. అలాగే చేశాం" అని ఆ మాట కింద వేలు పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదమ్మా.

అప్పట్నుంచి అనువాదం పూర్తయ్యాక నేనొక పని చేసేవాణ్ణి. ఇంగ్లీషు చూడని మెకానిక్‌ని చక్రం దగ్గర నిలబెట్టి, మరొకరి చేత నా కార్డు పైకి చదివించేవాణ్ణి. నేను ఇంగ్లీషు కాగితం పట్టుకుని, నోరు మెదపకుండా అతని చేతులు ఏం చేస్తున్నాయో చూసేవాణ్ణి. బల్ల మీద కనబడని తప్పులు అక్కడ బయటపడేవి. 'అంటిల్', 'బిఫోర్', 'వైల్' ఎక్కడున్నా పచ్చ ఇంకుతో గీత గీసుకో. 'మే' అన్నది 'చేయొచ్చు' అయితే 'బోలెహ్' అని రాయి, 'జరగొచ్చు' అయితే 'ముంగ్‌కిన్'.

భోజనం మానేసి పని చేస్తున్నావని కూడా అమ్మ చెప్పింది. ఆకలి మీద సరిచూడకు తల్లీ, రాత్రి పదింటి తర్వాత అసలు వద్దు.

చక్రం కార్డు వచ్చిన రోజు రెండు భాషల పేజీలూ ఫోటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

నీ మామయ్య