గుమ్మాలకు ఏది, కిటికీలకు ఏది?

గుంటూరులో ఇల్లు కడుతున్నాం. గుమ్మాలకు, కిటికీలకు చెక్క, ఇనుము, అల్యూమినియం, యూపీవీసీల్లో ఏది తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం మన్నుతుంది?

ఇంటి మొత్తానికీ ఒకటే వాడకండి. సింహద్వారానికి టేకు పెట్టండి, కానీ చేవ కర్రే తీసుకోండి. అంచున తెల్లగా ఉన్న భాగం మిగిలితే చెదలు అక్కడే మొదలవుతాయి.

బాత్‌రూమ్ గుమ్మానికి చెక్క వద్దు. నేలకు ఆనే అడుగు భాగం రోజూ నీళ్లు పీల్చి కుళ్లుతుంది. మామూలు ఇనుప ఫ్రేము కూడా అక్కడే తుప్పు పడుతుంది, పెయింటు బుడగలా లేచిందంటే లోపల తుప్పు మొదలైనట్టే. అక్కడికి యూపీవీసీ లాంటి ప్లాస్టిక్ రకమే మేలు.

కిటికీలకు ఖర్చు ముఖ్యమైతే జింకు పూత ఉన్న ఇనుము చాలు. కోసిన చోట, వెల్డింగ్ చేసిన చోట పూత పోతుంది కాబట్టి జింకు ప్రైమర్ మళ్లీ వేయించాలి. పౌడర్ కోటింగ్ అల్యూమినియం తేమకు బాగా తట్టుకుంటుంది, కానీ తడి సిమెంటు తగిలితే మచ్చలు పడతాయి. ప్లాస్టరింగ్ అయ్యాకే బిగించమనండి.

యూపీవీసీకి తుప్పు, చెదల బెడద లేదు. పెద్ద కిటికీ అయితే లోపల ఇనుప పట్టీ ఉండాలి, లేకపోతే మన ఎండలకు వంగుతుంది. బిగించే ముందు అయస్కాంతం ఆనించి చూడండి, అంటుకోకపోతే పట్టీ ఉందో లేదో విప్పి చూపించమనండి.