రెండు నిమిషాల స్పీకింగ్ జవాబు నిమిషానికే ఎందుకు అయిపోతుంది?

కడపలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కు పోతున్నా. క్లాసులో చెప్పిన టాపిక్‌లకు జవాబులు రాసుకుని బట్టీ పడితే నిమిషానికే అయిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు మీ స్క్రిప్టులో పదాలు లెక్కపెట్టండి. తాపీగా మాట్లాడితే రెండు నిమిషాలకు ఇంగ్లీషులో సుమారు 240 పదాలు కావాలి. అన్నీ ఉన్నా బట్టీ పట్టింది అప్పజెప్పేటప్పుడు వేగం పెరిగిపోతుంది, గొంతు ఒకే తీరున సాగుతుంది. ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు.

అందుకే వాక్యాలు కాదు, నాలుగు మలుపులు గుర్తుపెట్టుకోండి. ఒక్కోదానికి అర నిమిషం. టాపిక్ ‘చూసిన చారిత్రక స్థలం’ అనుకుందాం, గండికోట తీసుకోండి. మొదట జమ్మలమడుగు మీదుగా ఎప్పుడు, ఎవరితో వెళ్లారో భూతకాలంలో. తర్వాత పెన్నా లోయ, మాధవరాయ ఆలయం, జామియా మసీదు వర్తమానంలో. మూడోది అక్కడ జరిగిన ఒక్క చిన్న సంఘటన. ఎక్కువమంది వదిలేసేది ఇదే, సమయం మిగిలిపోయేదీ ఇక్కడే. చివర మళ్లీ వెళ్తే ఏం చేస్తారో.

పరీక్షలో సిద్ధమవడానికి ఒక నిమిషం, కాగితం, పెన్సిల్ ఇస్తారు. మలుపుకు రెండేసి పదాలు రాసుకోండి, చాలు. ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసి వినండి. 1:40 లోపే ఆగిపోతే మూడో మలుపునే పెంచండి.