అమ్ములుకి పెద్దమ్మ రాసే ఉత్తరం

అమ్ములూ,

నీ మెసేజ్ చదివాను. ఫోన్‌లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను సర్దిచెప్తాను, అసలు విషయం అక్కడే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

కాకినాడ ఆఫీసులో ఉన్నంతకాలం నువ్వు పెళ్లి చేసుకోబోయే అబ్బాయి రోజూ రాత్రి గంటసేపు మాట్లాడేవాడని, ఆదివారం తప్పకుండా అమలాపురం వచ్చేవాడని రాశావు. భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేరిన రెండు నెలల్లోనే మనిషి మారిపోయాడని, పది నిమిషాలు మాట్లాడితే గొప్పని, అడిగితే "బిజీగా ఉన్నాను" అంటున్నాడని అన్నావు. "పెద్దమ్మా, ఇది పనా, ఇష్టం తగ్గడమా?" అని అడిగావు. ఉండి ఊరి దగ్గర మన రొయ్యల చెరువుల మీదికి ఇలాంటి కుర్రాళ్లు ఏళ్ల తరబడి వస్తున్నారు, వాళ్ల రోజు ఎలా గడుస్తుందో నేను చూస్తూనే ఉన్నాను. ముందు అది చెప్తాను. అది తెలియకుండా వాడి మౌనానికి అర్థం వెతికితే తప్పుడు అర్థమే దొరుకుతుంది.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా తగ్గుతుంది. పగలు ఎండకి నీళ్లలోని పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా ఆ పచ్చదనమూ రొయ్యలూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. మబ్బు పట్టిన రోజైతే మరీ కష్టం. మూడు పీపీఎం కిందికి పోయిందంటే రొయ్య గట్ల దగ్గరికి వచ్చి పైకి తేలుతుంది. రైతు ఏరియేటర్లన్నీ వేసి, ఆ వెంటనే ఫోన్ చేసేది ఈ టెక్నీషియన్‌కే. మూడింటికి లేచినవాడు ఆరింటికల్లా గట్టు మీద ఉండి చెక్ ట్రే పైకి తీసి ఎంత మేత మిగిలిందో చూడాలి. ఆకివీడు, కాళ్ల, గణపవరం అంతా బండి మీదే తిరగాలి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు పెంకు వదులుతాయి కాబట్టి ఆ నాలుగు రోజులూ రైతులకి కంగారు, వాళ్ల కంగారంతా వీడి ఫోన్‌కే వస్తుంది. ఇక నెలాఖరున మేత అమ్మకాల టార్గెట్ ఉండనే ఉంది.

నువ్వు ఫోన్ చేసేది రాత్రి తొమ్మిదిన్నరకి. అలాంటి వాడికి తొమ్మిదిన్నర అంటే నడిరేయి. మాట మధ్యలో నిద్రపోయాడని నువ్వు బాధపడ్డావు చూడు, దాన్ని లెక్కలోంచి తీసెయ్యి. మెసేజ్‌కి ఆలస్యంగా జవాబు ఇవ్వడం, ఒక్క ముక్కలో ఇవ్వడం కూడా తీసెయ్యి. మాట ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి ఇష్టం తేల్చలేం. పని ఎక్కువైనా తగ్గుతుంది, మనసు తగ్గినా తగ్గుతుంది.

తేడా తెలిసేది వేరే చోట. పని వల్ల వచ్చే దూరానికి పని క్యాలెండరుతో పొంతన ఉంటుంది. పౌర్ణమి దాటి నాలుగు రోజులయ్యాక, ఒక చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోయాక, నెల మొదటి వారంలో, మనిషి కాస్త తిరిగి వస్తాడు. కొంచెం ఎక్కువ మాట్లాడతాడు, ఒక ఫోటో పంపుతాడు, తనంతట తను ఒకసారి ఫోన్ చేస్తాడు. ఇష్టం తగ్గినవాడికి ఈ ఎగుడుదిగుళ్లు ఉండవు, తీరిక దొరికినా అలాగే ఉంటాడు. నీ ఫోన్‌లో కాల్ లిస్టు ఉంటుంది కదా, పక్కన గోడ క్యాలెండరు పెట్టుకుని తనంతట తను చేసిన కాల్స్ ఏ తేదీల్లో ఉన్నాయో ఒక్కసారి చూడు. నువ్వు చేసినవి లెక్కపెట్టకు.

డీఎస్సీ పరీక్ష ఎలా రాశావని ఆ రోజు అడగలేదని రాశావు. దాని కిందే, నాలుగో రోజు ఫోన్ చేసి "ఆ సైకాలజీ ప్రశ్నలు ఎలా వచ్చాయి, భయపడ్డావు కదా" అన్నాడని కూడా రాశావు. ఆ రెండో వాక్యం నువ్వు కోపంలో రాశావు గానీ, నా దృష్టిలో నీ మెసేజ్ మొత్తంలో అదే ముఖ్యం. ఆలస్యమయింది, నిజమే. కానీ నీకు ఏ భాగం అంటే భయమో వాడికి గుర్తుంది. అలసిన మనిషి తేదీలు మర్చిపోతాడు, సమయం మర్చిపోతాడు, నీ గురించిన చిన్న విషయాలు మర్చిపోడు. మనసు తగ్గినవాడు అలా కాదు. పరీక్ష రోజునే ఠంచనుగా "ఆల్ ది బెస్ట్" పెట్టి, తర్వాత ఏ పేపరని కూడా అడగడు.

ఇప్పుడు ఆదివారాల సంగతి. నాకు కాస్త ఆలోచనగా ఉన్నది ఇక్కడే, దాచను. మూడు ఆదివారాలు రాలేదన్నావు. మొదటిది పౌర్ణమి పక్కన, రెండోది పట్టుబడి. ఆ రెండూ వదిలెయ్. మూడోది ఖాళీ, గదిలో ఫ్రెండ్స్‌తో క్రికెట్ చూస్తూ పడుకున్నాడు. నీకు మండింది అక్కడే. చాలా రోజుల తర్వాత దొరికిన మొదటి సెలవుని ఒళ్లు నిద్రకే వాడుకుంటుంది. ఫ్రెండ్స్ ఒకే గదిలో ఉంటారు, వాళ్ల కోసం లేచి చొక్కా వేసుకోనక్కర్లేదు. నీ దగ్గరికి రావాలంటే పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు మీదుగా రెండు గంటల పైనే బస్సు, మళ్లీ రాత్రికి తిరుగు ప్రయాణం. అందుకని ఆ ఒక్క ఆదివారాన్ని బట్టి తీర్పు చెప్పను. కానీ ఆ మూడుసార్లలో ఒక్కసారైనా "ఈ వారం కాదు, ఫలానా రోజు వస్తాను" అని తనంతట తను అన్నాడా? నీ మెసేజ్‌లో ఆ మాట ఎక్కడా కనపడలేదు. రాకపోవడం కంటే నాకు అదే పెద్దగా కనిపించింది. పని ఒత్తిడి మనిషిని రానివ్వకపోవచ్చు, ఇంకో రోజు చెప్పనివ్వకుండా మాత్రం ఆపలేదు.

ఇంకొకటి కనుక్కో. వాళ్ల అమ్మగారితో ఎలా ఉంటున్నాడు? అక్కడా ఫోన్లు తగ్గాయని ఆవిడ అంటే అందరికీ తగ్గాడన్నమాట. అక్కడ మామూలుగానే ఉండి నీ దగ్గరే తగ్గితే అది వేరే కథ. ఆవిడతో నీకు చనువు ఉంది కాబట్టి మామూలు పలకరింపులోనే తెలిసిపోతుంది, ఆరా తీసినట్టు అడగకు. వాడితో పనిచేసే కుర్రాళ్లకి మాత్రం ఫోన్ చెయ్యకు. ఆ మాట సాయంత్రానికి వాడి చెవిన పడుతుంది, తర్వాత వాడు నీతో జాగ్రత్తగా మాట్లాడతాడు తప్ప మనసు విప్పడు. వాట్సాప్‌లో రాత్రి పదకొండుకి ఆన్‌లైన్‌లో ఉన్నాడని బాధపడ్డావు కదా. వాళ్ల రైతుల గ్రూపులన్నీ అందులోనే ఉంటాయమ్మా. దాన్ని చూడ్డం మానెయ్యి.

రెండు కాక మూడోది కూడా ఉండొచ్చు. ఈ కంపెనీలు మేత అప్పుగా ఇస్తాయి. పంట పోయినా, రేటు పడినా వసూలు చేసుకురమ్మని ఒత్తిడి వచ్చేది ఈ కుర్రాళ్ల మీదికే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మన దగ్గర రొయ్యల రేట్లు ఎలా పడ్డాయో నీకూ తెలుసు. అలాంటి రోజుల్లో మా గట్టు మీదికి వచ్చే అబ్బాయిలు టీ ఇచ్చినా తాగకుండా తల దించుకుని నిలబడేవారు. ఉద్యోగం మారి తప్పు చేశానేమోనన్న భావన ఉంటే మగపిల్లాడు ముందు దాచేది పెళ్లి చేసుకోబోయే అమ్మాయి దగ్గరే. డబ్బు మాట, కంపెనీ మాట వస్తే విసుక్కుంటున్నాడా, ఒళ్లు తగ్గాడా చూడు. అదే అయితే ఇష్టం గురించి నిలదీయడం పుండు మీద కారం చల్లడమే. "అక్కడ ఎలా ఉంది, నిజం చెప్పు" అని అడగాలి, అడిగి వినాలి.

ఇక చెయ్యాల్సింది. "నేనంటే ఇంకా ఇష్టమేనా" అని అడగకు. అలసినవాడూ "ఇష్టమే" అంటాడు, మనసు విరిగినవాడూ ఆ పూటకి గొడవ వద్దని "ఇష్టమే" అంటాడు. నీకు తెలిసేదేమీ ఉండదు. మాట్లాడకుండా ఉండి ఎప్పుడు అడుగుతాడో చూద్దామనుకోకు. పనిలో మునిగినవాడికి నీ మౌనం రెండు రోజుల దాకా కనపడదు, నువ్వేమో ఆ రెండు రోజులూ అన్నం తినవు.

ముందు ఫోన్ టైము మార్చు. మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు ప్రాంతంలో రైతులు భోజనం చేసి కాస్త నడుం వాలుస్తారు, వీళ్లకీ ఆ కాసేపు ఊపిరి ఆడుతుంది. నీకూ స్కూల్లో లంచ్ ఆ టైముకే. అప్పుడు చేసి ఇలా చెప్పు: "రాత్రి నీకు నిద్ర ముఖ్యం, రోజూ రాత్రి మాట్లాడమని అడగను. వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు, ఏ రోజులో నువ్వే చెప్పు. వచ్చే అమావాస్యకీ పౌర్ణమికీ మధ్య ఒక ఆదివారం కూడా నువ్వే చెప్పు. రాజోలు దాకా నేను వస్తాను." అంతే చెప్పు. పాతవి తవ్వకు, ఏడుపు వస్తే ఆ రోజు ఫోన్ చెయ్యకు. తర్వాత గుర్తు చెయ్యకు. గుర్తు చేస్తే వాడు నీ కోసం వచ్చాడో నీ పోరు పడలేక వచ్చాడో తెలీదు.

రోజు చెప్పి వచ్చాడా, సరే. చెప్పి, రాలేక, తనే ఇంకో రోజు చెప్పాడా, అదీ సరే, నాకైతే అది ఇంకా నమ్మకం. "చూద్దాంలే" అన్నాడా, ఒకసారికి వదిలెయ్. పని తేలికగా ఉన్న రోజుల్లో రెండోసారీ "చూద్దాంలే" అంటే, అమ్ములూ, అది పని కాదు. అప్పుడు ఎదురుగా కూర్చుని సూటిగా అడుగు, ఫోన్‌లో కాదు.

ఇదంతా తేలడానికి ఒక పంట టైము ఇవ్వు. సీడ్ వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా నాలుగు నెలలు, అందులో రెండు అయిపోయాయి. కొత్తవాడికి ఒక పంట మొదటినుంచి చివరిదాకా చూస్తే గానీ పని చేతికి రాదు. ఆ తర్వాత కూడా ఇలాగే ఉండి, వచ్చినప్పుడు మాత్రం మనసంతా నీ మీదే ఉంటే, ఇష్టం ఉన్నట్టే, కానీ ఆ ఉద్యోగం తీరే అంత. అప్పుడు నువ్వు తేల్చుకోవాల్సింది వాడి మనసు గురించి కాదు, తెల్లవారుజామున మోగే ఫోన్‌తో నువ్వు కాపురం చెయ్యగలవా అని. చెయ్యలేనని నువ్వంటే నేను తప్పు పట్టను. ఈ చుట్టుపక్కల చేస్తున్నవాళ్లూ ఉన్నారు, చెయ్యలేక భర్త చేత ఉద్యోగం మార్పించినవాళ్లూ ఉన్నారు.

మీ నాన్న మొన్న ఫోన్ చేసి ముహూర్తాలు పెట్టించమంటారా అని పెదనాన్నని అడిగాడు. ఇప్పుడే పెద్దల్లో పెడితే వాడు మీ నాన్నకి జవాబు చెప్పుకోవడంలో పడతాడు, నీకు నిజం తెలీదు. ఈ పంట పట్టేదాకా ఆగమని మీ నాన్నతో నేనే చెప్తాను. నువ్వు వాళ్ల అమ్మగారిని పలకరించి, గురువారం మధ్యాహ్నం అబ్బాయికి ఫోన్ చెయ్యి. ఏమన్నాడో వాడి మాటల్లోనే నాకు రాయి.

మీ పెద్దమ్మ