డ్వాక్రా సంఘం ఖాతాలో డబ్బు తక్కువుంటే బ్యాంకు లోన్ రాదా?

మా సంఘం పొదుపు ఖాతాలో 4,000 రూపాయలే ఉన్నాయి. లింకేజీ లోన్ ఇస్తారా? ఎలా కట్టాలి?

ఇస్తారు, ఎందుకంటే బ్యాంకు చూడాల్సింది ఖాతాలో మిగిలిన డబ్బును కాదు, సంఘం మొత్తం నిధిని. సభ్యులకు ఇచ్చిన అంతర్గత అప్పులు, వచ్చిన వడ్డీ, రివాల్వింగ్ ఫండ్ కూడా అందులోకే వస్తాయి. నిజానికి డబ్బంతా ఖాతాలో కదలకుండా ఉంటేనే సంఘం సరిగా నడవట్లేదని అనుమానిస్తారు.

ఉదాహరణకు 12 మంది నెలకు 200 చొప్పున 10 నెలలు పొదుపు చేస్తే 24,000. వడ్డీ 2,000 కలిపితే నిధి 26,000. అందులో 22,000 సభ్యుల దగ్గర అప్పుగా ఉన్నా లెక్క మారదు. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో మొదటి లోన్ నిధికి 6 రెట్లు లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ 1,56,000 అవుతుంది. దీన్ని సాధారణంగా 24 నుంచి 36 నెలల్లో కట్టాలి.

అర్హతకు సంఘం కనీసం 6 నెలలుగా నడుస్తుండాలి. ఈ 6 నెలలు ఖాతా తెరిచిన రోజు నుంచి అనుకుంటారు చాలామంది. కాదు, సంఘం పుస్తకాల ప్రకారం లెక్కిస్తారు. అందుకే మీటింగులు, పొదుపు, అంతర్గత అప్పులు, వాటి వసూళ్లు ఎప్పటికప్పుడు రాసి ఉండాలి.

అప్పు మాత్రం సంఘం పేరు మీదే ఉంటుంది. ఒకరు కట్టకపోయినా కిస్తీ పూర్తిగా వెళ్లాలి. 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బకాయి అవుతుంది, తర్వాతి లోన్ అందరికీ ఆగుతుంది.